లాంగ్ రన్‌కి బెల్లమా, తేనెనా, పంచదారా: తూచి కలుపుకునే పద్ధతి

ఆదివారం పొద్దున కబ్బన్ పార్కు లోపలి రోడ్ల మీదికి బళ్లు రానివ్వరు. అందుకే బెంగళూరులో హాఫ్ మారథాన్‌కి తయారయ్యేవాళ్లలో చాలామంది అక్కడే తేలతారు, వాళ్లలో మన తెలుగువాళ్లకి కొదవేం లేదు. పరుగయ్యాక చెట్టు కింద నిలబడితే రెండు సలహాలు తప్పకుండా చెవిన పడతాయి. ఒకటి, "ఎనర్జీ జెల్లులెందుకన్నా, బెల్లం ముక్క నోట్లో వేసుకో, చాలు." రెండోది, "పంచదార విషం, తేనె కలుపుకో." ఈ రెండు మాటల్లో ఎంత నిజముందో తూకం మీద పెట్టి చూద్దాం. చివరికి మీ సీసాలో ఏం పోయాలో, ఎంత పోయాలో మీకే తెలిసిపోవాలి.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు తీపి అవసరమా?

గంట లోపు వ్యాయామానికి దారిలో తీపి ఏదీ అక్కర్లేదు. మామూలుగా తినే మనిషి కండరాల్లో, కాలేయంలో కలిపి సుమారు 400 నుంచి 500 గ్రాముల పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. ముప్పావుగంట బరువులెత్తడానికో, లాల్‌బాగ్‌లో 6 కిలోమీటర్లు జాగింగ్ చేయడానికో అది బోలెడు. జిమ్‌కి వెళ్లేముందు బెల్లం ముక్క తినేవాళ్లకి హుషారుగా అనిపించొచ్చు, కాదనను. కానీ ఆ పూట ఖర్చయ్యే శక్తి ముందురోజు తిన్న అన్నం నుంచే వస్తుంది. ఆకలిగా ఉంటే గంటన్నర ముందు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో తినండి. మీ వ్యాయామం ఇంతవరకే అయితే కలుపుకునే భాగం వదిలేసి, చివర ఆరోగ్యం గురించి రాసినది చదివితే సరిపోతుంది.

పరుగు గంటంపావు దాటితే కథ వేరు. అక్కడి నుంచి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తుంటే వేగం నిలబడుతుందని క్రీడా పోషణలో చాలాకాలంగా ఒప్పుకున్న లెక్క. రెండున్నర గంటలు దాటే పరుగులకి 90 దాకా వెళ్తారు, కానీ దానికి పొట్టని వారాల తరబడి అలవాటు చేయాలి. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు ఆ జోలికి పోవద్దు.

ఒక మనిషి లెక్క చూద్దాం. మా వీధిలో మదనపల్లె కుర్రాడొకడున్నాడు, బరువు 68 కిలోలు. ఆదివారం 18 కిలోమీటర్లు పరుగెత్తడానికి రెండు గంటల ఐదు నిమిషాలు పడుతుంది. పొద్దున కాఫీ తాగి, నిమ్మకాయంత బెల్లం ముక్క తిని బయల్దేరేవాడు, దారిలో నీళ్లు తప్ప ఏమీ లేవు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కాళ్లు బరువెక్కేవి. "అన్నా, బెల్లం తిన్నా ఇట్లెందుకవుతుంది?" అని అడిగాడు.

పరుగులో కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. 68ని 18తో గుణిస్తే సుమారు 1,220 కేలరీలు. ఆ బెల్లం ముక్కని తూచితే 25 గ్రాములుంది. అందులో చక్కెరలు 22 గ్రాములు, అంటే 88 కేలరీలు. ఖర్చులో పన్నెండో వంతు కూడా కాదు. బెల్లానిది తప్పేమీ లేదు. అది సరిపోలేదు, పైగా మొత్తం మొదట్లోనే అయిపోయింది. అతనికి గంటకి 40 గ్రాముల చొప్పున లెక్క వేశాం. అతి తక్కువా కాదు, పొట్ట తట్టుకోలేనంతా కాదు.

చెంచాలతో కాదు, గ్రాములతో కొలవండి

పోలికలో అందరూ జారిపడేది ఇక్కడే. రెండు చెంచాల పంచదార బదులు రెండు చెంచాల తేనె వేసి, "తేనె వేసుకుంటే ఎక్కువ ఎనర్జీ వచ్చింది" అంటారు. టీస్పూను తలగోసి పంచదార తీస్తే 4 గ్రాములు, తేనె తీస్తే 7 గ్రాములు. ఆ చెంచా తేనెలో నీళ్లు తీసేసినా అయిదున్నర గ్రాముల చక్కెరలుంటాయి. ఎక్కువ పోశారు కాబట్టి ఎక్కువ వచ్చింది, అంతే.

పంచదార దాదాపు మొత్తం సుక్రోజే, అందుకే 40 గ్రాములు కావాలంటే 40 గ్రాములే తూచాలి. తేనెలో అయిదో వంతు దాకా నీళ్లే, కాబట్టి 50 గ్రాములు కావాలి. బెల్లంలో కొంత తేమ, కొంత ఖనిజాలు, కొంత చెరకు పీచు పోను చక్కెరలు 85 నుంచి 90 శాతం అనుకోవచ్చు, అంటే 46 గ్రాములు. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బాలో బెల్లం చెమ్మగిల్లి జిగటగా మారుతుంది. అప్పుడది గాలిలోని నీళ్లు పీల్చుకుందన్నమాట, మరో రెండు మూడు గ్రాములు వేసుకోండి. ఇంతకన్నా కచ్చితంగా లెక్కలు కట్టాల్సిన పని లేదు.

వంటింటి డిజిటల్ తక్కెడ ఒకటి ఉంటే చాలు. తేనెని సీసాలోంచి నేరుగా పరుగు సీసాలోకి పోస్తూ తూచితే చెంచాకి అంటుకునే నష్టం కూడా ఉండదు. తేనె అడుగున గడ్డకట్టి ఉంటే అలాగే పైపైన వంచుకోవద్దు. గడ్డకట్టేది గ్లూకోజ్, పైన ద్రవంగా మిగిలేదాంట్లో ఫ్రక్టోజ్ వాటా ఎక్కువ. సీసాని గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెట్టి, బాగా కలిపాక తూచండి. గడ్డకట్టిన తేనె కల్తీదని పారేసేవాళ్లున్నారు, పాపం. పేరుకోవడం తేనె సహజ గుణం.

కలపడం

మన పానకమే ఇక్కడ పనికొస్తుంది. శ్రీరామనవమి నాడు బసవనగుడి వీధుల్లో పంచే పానకానికీ మనింటి పానకానికీ పెద్ద తేడా లేదు: బెల్లం, మిరియాలు, యాలకులు, శొంఠి. పరుగుకి దాన్నే పలచన చేసి, ఉప్పు చేరుస్తాం, మిరియాలు తీసేస్తాం. పరిగెత్తే పొట్టలో మిరియం ఘాటు కొందరికి మంట పెడుతుంది.

రెండు గంటల పరుగుకి 600 మిల్లీలీటర్ల సీసాలు రెండు కావాలి. ముందురోజు రాత్రి 92 గ్రాముల బెల్లాన్ని చిదిమి, ఒక గ్లాసు వేడినీళ్లలో కరగనివ్వండి. కరిగాక పలచని గుడ్డలో వడకట్టండి. అచ్చుబెల్లం ఎంత శుభ్రంగా కనిపించినా గుడ్డ మీద సన్నని ఇసుక, పీచు, నల్లటి నలకలు మిగులుతాయి. వడకట్టకపోతే ఆ పీచు స్పోర్ట్స్ సీసా మూతిలో ఇరుక్కుని, పదో కిలోమీటరు దగ్గర ఎంత నొక్కినా చుక్క రాదు. చల్లారాక పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు శొంఠిపొడి వేసి, మొత్తం 1,200 మిల్లీలీటర్లు అయ్యేలా నీళ్లు పోసి రెండు సీసాల్లో సమంగా పంచండి.

పావు టీస్పూను ఉప్పంటే గ్రామున్నర, అందులో సోడియం సుమారు 590 మిల్లీగ్రాములు. లీటరుకి 490 పడుతుంది, దుకాణాల్లో దొరికే స్పోర్ట్స్ డ్రింకుల దరిదాపుల్లోనే. చక్కెరల వాటా ఆరున్నర శాతం చిల్లర. ఎనిమిది దాటితే జీర్ణాశయంలోంచి నీళ్లు కిందికి దిగడం మందగిస్తుంది, కడుపులో గలగలమంటుంది. ఇంటి పానకం దీనికి రెండింతలు చిక్కగా ఉంటుంది కాబట్టి, ఈ కొలతతో కలిపింది మొదట్లో చప్పగా అనిపిస్తుంది. దానికి మోసపోయి ఇంకో ముక్క వేయకండి. చెమట కారుతున్నప్పుడు అదే తీపి సరిపోతుంది.

పంచదారతో అయితే 80 గ్రాములు, మిగతాదంతా అదే, వడకట్టే పని లేదు. తేనెతో అయితే 100 గ్రాములు, మరిగే నీళ్లు వద్దు, గోరువెచ్చనివి చాలు.

బెల్లం నీళ్లు తొందరగా పులుస్తాయి. రాత్రి కలిపింది ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వాడేయండి. మూత తిప్పగానే బుస్సుమని గాలి వచ్చినా, పుల్లటి కల్లు వాసన తగిలినా పారబోయండి. మూతిలోని రబ్బరు భాగాన్ని విడదీసి కడగకపోతే తర్వాతి వారం నల్లటి జిగురు కనిపిస్తుంది.

ఎప్పుడు, ఎంత తాగాలి

దాహం వేసేదాకా ఆగొద్దు, మొదటి పావుగంటకే మొదలుపెట్టండి. ప్రతి పదిహేను నిమిషాలకి 150 మిల్లీలీటర్లు, అంటే మామూలు గుక్కలు మూడు నాలుగు. గుక్కల దఫాకి 10 గ్రాములు, గంటకి 40. కబ్బన్ పార్కు లాంటి చోట చుట్లు కొడతారు కాబట్టి ఒక సీసా చేతిలో, రెండోది స్కూటర్ డిక్కీలో పెట్టుకుంటే సరిపోతుంది. ఎండలో పరిగెత్తేవాళ్లకి నీళ్లు ఇంకా కావాలి. అప్పుడు విడిగా మామూలు నీళ్లు తాగండి, తీపి పెంచొద్దు.

పరుగుకి ముప్పావుగంట ముందు తీపి తినే అలవాటుంటే జాగ్రత్త. అప్పటికి ఇన్సులిన్ పైకి లేచి ఉంటుంది, పరుగు మొదలవగానే కండరాలు కూడా గ్లూకోజ్ లాగుతాయి. కొందరికి మొదటి పది ఇరవై నిమిషాల్లో చేతులు వణికి, తల తేలిపోతుంది. అందరికీ అవదు. అయ్యేవాళ్లు తిండిని రెండు మూడు గంటల ముందుకి జరపండి, లేదా ఆ తీపిని బయల్దేరే అయిదు నిమిషాల ముందు తీసుకోండి. బెల్లానికి, తేనెకి కూడా ఇదే వర్తిస్తుంది.

మదనపల్లె కుర్రాడు మొదట పంచదారతో మొదలుపెట్టాడు, తర్వాతి వారం బెల్లంతో, ఆపై తేనెతో. ముందురోజు రాత్రి అదే అన్నం పప్పు, అదే దారి, అదే బయల్దేరే వేళ. రాసుకున్నది రెండే విషయాలు: పద్నాలుగో కిలోమీటరు తర్వాత వేగం పడిందా, పొట్ట ఎలా ఉంది. మూడింటితోనూ చివరి నాలుగు కిలోమీటర్లు నిలబడ్డాయి. తేనె తాగిన రోజు మాత్రం ఉబ్బరం, పరుగయ్యాక రెండుసార్లు బాత్రూం. ఒక్కడి అనుభవంతో తేనెని తప్పు పట్టలేం. మీరు చేసినా ఇలాగే ఒక్కోటి మార్చి చూడండి, కానీ రేసు రోజున మాత్రం కొత్తది ప్రయత్నించొద్దు.

ఎందుకు దాదాపు ఒకటే?

పంచదార అణువు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంట. చిన్నపేగు గోడ దగ్గర ఒక ఎంజైము దాన్ని చప్పున విడగొడుతుంది. తేనెలో ఆ జంట ముందే విడిపోయి ఉంటుంది, ఆ పని తేనెటీగ చేసిపెట్టింది. బెల్లంలో ఎక్కువ భాగం విడిపోని సుక్రోజే, కొంత విడిపోయినది. పేగు దాటాక రక్తంలోకి చేరే సరుకు మూడింటిలోనూ అవే రెండు. గ్లూకోజ్‌కి ఒక ద్వారం, ఫ్రక్టోజ్‌కి వేరే ద్వారం ఉండటం వల్ల రెండూ కలిసి ఉన్న తీపి పరుగుకి పనికొస్తుంది. ఆ గుణం పంచదారకీ ఉంది, అందరూ తిట్టేటప్పుడు ఈ సంగతి మర్చిపోతారు.

తేనెలో ఫ్రక్టోజ్ గ్లూకోజ్ కన్నా కాస్త ఎక్కువ, వందకి 38, 31 అలా. గ్లూకోజ్ పక్కన ఉంటే ఫ్రక్టోజ్ తేలిగ్గా లోపలికి వెళ్తుంది. మిగిలిపోయిన ఫ్రక్టోజ్ పెద్దపేగుకి చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది, గ్యాస్ వస్తుంది. చాలామందికి ఇంత చిన్న తేడా తెలియదు. ఫ్రక్టోజ్ పడని పొట్టలకి తెలుస్తుంది. మన కుర్రాడికి మామిడిపళ్లు ఎక్కువ తిన్నా అంతేనట.

తిన్నది రక్తంలో గ్లూకోజ్‌ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ సంగతేంటని అడగొచ్చు. పంచదారది సుమారు 65, తేనెది పువ్వుని బట్టి మారుతుంది కానీ సగటున 60 దగ్గర. బెల్లం తక్కువ అన్న ధీమాకి ఆధారం లేదు. పైగా ఈ అంకెలు కూర్చుని ఉన్న మనిషి మీద తీసినవి. పరుగెత్తే కండరం ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే గ్లూకోజ్ తీసుకుంటుంది. 2004లో సైక్లిస్టులతో 64 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ చేయించి, తేనెనీ గ్లూకోజ్‌నీ పోల్చి చూశారు. రెండింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

నా వరకు రేసుకి పంచదారే. తూకం తేలిక, వడకట్టనక్కర్లేదు, ఎక్కడైనా ఒకేలా ఉంటుంది, 80 గ్రాములకి నాలుగైదు రూపాయలు. ఆదివారం మామూలు పరుగుకి బెల్లం, ఎందుకంటే శొంఠి వేసిన ఆ రుచి నాకిష్టం. తేనెకి ఇంత డబ్బు పోసి నీళ్లలో కలిపి చెమటగా కార్చేయడం నాకు మనసొప్పదు. కొడగు తేనె దొరికితే దోసె మీద వేసుకుంటాను.

ఇక ఆరోగ్యం మాట

బెల్లంలో ఐరన్ ఉంటుందన్నది నిజమే. వంద గ్రాముల్లో నాలుగైదు మిల్లీగ్రాములు అనుకుందాం, తయారీని బట్టి, కాచిన పెనాన్ని బట్టి మారుతుంది. రోజూ తినే ముక్క 20 గ్రాములైతే ఒక మిల్లీగ్రాము వచ్చింది. మన దేశంలో వయసొచ్చిన ఆడవాళ్లకి భారత వైద్య పరిశోధన మండలి ICMR చెప్పే రోజువారీ ఐరన్ 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకి 19. బెల్లంతోనే ఆడవాళ్ల లెక్క తీర్చాలంటే రోజుకి అరకిలో దాటి తినాలి. వంద గ్రాముల తోటకూరలో కూడా ఐరన్ దాదాపు అంతే ఉంటుంది, కేలరీలు మాత్రం ముప్పై చిల్లర. బెల్లంలో మూడువందల యాభై దాటతాయి. రక్తహీనత ఉన్న ఆడపిల్లకి బెల్లం ఉండలు ఇచ్చి ఊరుకోవడం నాకు కోపం తెప్పించే విషయం. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

తేనెలో యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయి, చెంచాకి చాలా కొద్దిగా. దగ్గుకి తేనె పనిచేస్తుందన్న నమ్మకానికి కొంత ఆధారం ఉంది. పరగడుపున గోరువెచ్చని నీళ్లలో తేనె కొవ్వు కరిగిస్తుందన్న దానికి లేదు. ఏడాది నిండని పసిపిల్లలకి తేనె నాకించొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పాతకాలం అలవాటు అని పెద్దవాళ్లు పట్టుబట్టినా ఒప్పుకోకండి.

"సహజం" అన్న ముద్ర కొనేటప్పుడు కూడా మోసం చేస్తుంది. మరీ లేత పసుపు రంగులో మెరిసే బెల్లం కనిపిస్తే, రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేశారేమో అనుకోవాలి. ముదురు గోధుమరంగుదే తీసుకోండి. తేనె విషయంలో 2020 చివర్లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు పరీక్షలు చేయించినప్పుడు, పేరున్న బ్రాండ్లలో చాలావాటిలో చక్కెర సిరప్పు కలిసిందని ప్రకటించారు. నీళ్లలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్లకి పూసి వెలిగించడం లాంటి ఇంటి పరీక్షలు ఆ సిరప్పుని పట్టుకోలేవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పంచదార, బెల్లం, తేనె మూడూ ఒకే పద్దు కిందికి వస్తాయి. రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటొద్దు, ఇరవయ్యో వంతులో ఆపితే ఇంకా మంచిది అంటారు. 2,000 కేలరీలు తినే మనిషికి అది 50 గ్రాములు, 25 గ్రాములు. ఆదివారం పరుగులో తాగిన 80 గ్రాములు అప్పటికప్పుడే ఖర్చయ్యేవి కాబట్టి వాటి గురించి బెంగ వద్దు, పళ్లకి మాత్రం మంచిది కాదు, చివర్లో మామూలు నీళ్లతో పుక్కిలించండి. షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఏ తీపి అయినా సరే, పరుగులో ఎంత తాగాలో డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. బెల్లం వాళ్లకి పంచదారకన్నా సురక్షితం కాదు.

లెక్క చూసుకోవాల్సింది మిగతా ఆరు రోజులకి. దర్శిని టిఫిన్ హోటల్లో బెల్లం కాఫీ అని రెండు మూడు రూపాయలు ఎక్కువ ఇచ్చి, రోజుకి మూడు తాగేవాళ్లని చూస్తుంటాను. కప్పుకి 10 గ్రాముల బెల్లం వేస్తే మూడింటికి 26 గ్రాముల చక్కెరలు, 25 గ్రాముల గీత అక్కడే దాటిపోయింది. ఆఫీసులో వచ్చే పుట్టినరోజు కేకు ఇంకా లెక్కలోకి రాలేదు.